ఈసీజీ పొట్టిరాతల్ని విప్పి రాస్తే టెంప్లేట్ అయిపోతుందా?

ప్రశ్న: సార్, నేను కందుకూరు వైపు ఒక చిన్న హాస్పిటల్లో నైట్ డ్యూటీ డాక్టర్ని. నాకు ముందు ఇక్కడ చేసినాయన ఈసీజీలన్నిటికీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఒక్కో లైన్ రాసిపెట్టి వెళ్లారు. అన్నీ పొట్టి అక్షరాలే. వాటిని రేటు, రిథమ్, యాక్సిస్, ఇంటర్వెల్స్ అని వరసగా విప్పి రాసి, అందరూ ఒకేలా నింపే టెంప్లేట్ చేయమన్నారు మా మేనేజ్‌మెంట్ వాళ్లు. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. కింద ఒక లైన్ ఇస్తున్నా, దాని స్ట్రిప్ ఫోటో కూడా పంపుతున్నా. అరవై ఎనిమిదేళ్ల పొగాకు రైతు, బ్యారన్ దగ్గర కళ్లు తిరిగి పడిపోయాడని తీసుకొచ్చారట. పొటాషియం సిరప్ రాసి ఇంటికి పంపేశారు. టెంప్లేట్ పొడుగైతే ఎవరూ నింపరని కూడా భయంగా ఉంది.

```
SB 42, LAD, PR N, RBBB, QT 480 ↑, U+ ?K↓
```

సమాధానం: అమ్మాయ్, ఫోటో చూసిన పూటే ఫోన్లో చెప్పాల్సింది చెప్పేశాను, ఆ పెద్దాయన్ని వెనక్కి పిలిపించి మానిటర్ మీద పెట్టమని. ఆ సంగతి చివర్లో చెప్తాను. ఇక్కడ రాసేది నీతో పాటు ఇలాంటి నోట్‌బుక్కులు చేతిలో పట్టుకుని కూర్చున్న మిగతా వాళ్లకి కూడా.

అందరూ చేసే తప్పు ఒకటుంది. పొట్టిరాతని విప్పి రాస్తే టెంప్లేట్ తయారైందనుకుంటారు. ఎస్‌బీ అంటే సైనస్ బ్రాడీకార్డియా, ఎల్ఏడీ అంటే లెఫ్ట్ యాక్సిస్ డీవియేషన్, పీఆర్ ఎన్ అంటే పీఆర్ నార్మల్ అని పూర్తి మాటలు టైప్ చేసి, వాటికి తలకట్టులు పెడితే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఆ లైన్లో కొలిచిన అంకెలు రెండే రెండున్నాయి, 42, 480. మిగతావన్నీ ఆయన తీర్మానాలు. దేన్ని చూసి అలా తీర్మానించాడో కాగితం మీద లేదు. నువ్వు ఆ తీర్మానాన్ని పెద్ద అక్షరాల్లో రాస్తే ఆయన పొరపాటుకి నువ్వు ఇస్త్రీ చేసి ఇచ్చినట్టు అవుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. అందుకే టెంప్లేట్‌లో ప్రతి గడిలో ముందు చూసింది, కొలిచింది రావాలి, పేరు ఆ తర్వాత. అంటే నోట్‌బుక్ ఒక చేత్తో, స్ట్రిప్ ఇంకో చేత్తో పట్టుకుని కూర్చోవాలి, స్ట్రిప్ లేకుండా ఈ పని కాదు.

పొట్టి అక్షరాలు ఎంత మోసం చేస్తాయో నా సొంత గొడవ ఒకటి చెప్తాను. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక కేస్ షీట్ మీద ఈసీజీ పక్కనే పీఆర్ 110 అని ఉంటే, నేను దాన్ని పీఆర్ ఇంటర్వెల్ 110 మిల్లీసెకండ్లు అనుకుని, ఇంటర్వెల్ చిన్నది, డబ్ల్యూపీడబ్ల్యూ అయ్యుండొచ్చు అని రౌండ్స్‌లో గట్టిగా చెప్పాను. అది పల్స్ రేట్. మనవైపు కేస్ షీట్లలో పీఆర్ అంటే సగం మంది పల్స్ రేటే రాస్తారు గదా! ఆ రోజు వార్డంతా నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎల్ఏడీ కూడా అంతే, యాంజియోగ్రామ్ చూసేవాళ్లకి అది గుండె ముందువైపు రక్తనాళం పేరు. ఇక ఎన్ అనేది అన్నిటికంటే ప్రమాదం, నార్మలా, న్యారోనా, లేక నాట్ నోటెడా? రాసినాయన్ని అడిగితే తప్ప తెలియదు. కాబట్టి నీ టెంప్లేట్‌లో మొదటి రూలు ఇది పెట్టు: ఎన్ అని రాయకూడదు, అంకె రాయాలి, కొలవలేకపోతే కొలవలేదని రాయాలి.

ఇప్పుడు నీ స్ట్రిప్‌నే తీసుకుని ఒక్కో గడీ నింపుదాం.

రేటు కంటే ముందు ఒక గడి ఉండాలి, దాన్ని చాలామంది పెట్టరు. కాగితం వేగం 25 మిల్లీమీటర్లేనా, ఎత్తు కొలత 10 మిల్లీమీటర్లకి ఒక మిల్లీవోల్టేనా, ఏవీఆర్‌లో పీ కిందికే ఉందా, ఇవి మూడూ అందులో. చిన్న మెషిన్లలో వేగం బటన్ ఒక్కోసారి 50కి మారిపోతుంది, చెయ్యి తగిలినా మారుతుంది. అప్పుడు ప్రతిదీ రెండింతలు వెడల్పుగా కనిపించి రేటు సగం వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న మనిషికి బ్రాడీకార్డియా అంటగడతాం. లీడ్ 1 మొత్తం తలకిందులై ఏవీఆర్ నిటారుగా ఉంటే ముందు చేతుల వైర్లు మారాయేమో చూసి మళ్లీ తీయించాలి, యాక్సిస్ గురించి ఆలోచించేది ఆ తర్వాతే. నీ స్ట్రిప్ మీద ఈ మూడూ సరిగ్గానే ఉన్నాయి.

రేటు. వేగం 25 అయితే ఒక చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. ఆర్ నుంచి ఆర్‌కి నీ స్ట్రిప్‌లో 36 చిన్న గడులున్నాయి, 1500ని 36తో భాగిస్తే 41.7, కాబట్టి ఆయన రాసిన 42 తప్పు కాదు. బీట్లు ఒక క్రమంలో లేని స్ట్రిప్ అయితే ఈ భాగహారం పనికిరాదు, 30 పెద్ద గడులు అంటే ఆరు సెకన్లలో ఎన్ని క్యూఆర్ఎస్‌లు ఉన్నాయో లెక్కపెట్టి పదితో గుణించాలి. మీ దగ్గర ఒక్క ఛానల్ మెషిన్ ఉంటే ఒక్కో లీడ్‌కి మూడు నాలుగు బీట్లే పడతాయి, అందుకని లీడ్ 2ని విడిగా పొడుగ్గా తీయమని టెక్నీషియన్‌కి ముందే చెప్పి పెట్టుకో, ఆ పొడుగు స్ట్రిప్ లేకపోతే రిథమ్ గడిని నింపనే కూడదు. కానీ అసలు విషయం ఏంటంటే టెంప్లేట్‌లో రేటుకి రెండు గడులు ఉండాలి. ఒకటి క్యూఆర్ఎస్ రేటు, ఇంకోటి పీ రేటు. మామూలు మనిషిలో రెండూ ఒకటే వస్తాయి, రెండుసార్లు ఎందుకురా బాబూ అని నింపేవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ రెండో గడే ఈ కేసుని పట్టించింది.

రిథమ్‌లో మనకి నూరిపోసిన ప్రశ్న ఒకటే, ప్రతి క్యూఆర్ఎస్‌కి ముందు పీ ఉందా? నీ స్ట్రిప్‌లో ఉంది, లీడ్ 2లో నిటారుగా, ఏవీఆర్‌లో తలకిందులుగా, ప్రతి క్యూఆర్ఎస్‌కీ ఒకే దూరంలో. అందుకే ఆయన సైనస్ అనేశాడు, రేటు తక్కువ కాబట్టి సైనస్ బ్రాడీకార్డియా అనేశాడు, మెషిన్ పైన అచ్చువేసిన వ్యాఖ్య కూడా అదే చెబుతోంది. రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు: ప్రతి పీ తర్వాత క్యూఆర్ఎస్ ఉందా? ఈ రెండూ ఒకటిలా వినిపిస్తాయి గానీ ఒకటి కాదు. మొదటిదానికి జవాబు కావాలంటే క్యూఆర్ఎస్‌ల దగ్గర చూస్తే చాలు. రెండోదానికి క్యూఆర్ఎస్‌లు లేని చోట వెతకాలి.

ఆ లైన్ చివర్లో యూ ప్లస్ అని ఉంది చూడు. టీ అయిపోయిన రెండు చిన్న గడులకి ఒక చిన్న బుడిపె వస్తోంది, ప్రతి బీట్‌కీ వస్తోంది. దాన్ని యూ వేవ్ అనుకుని, యూ వేవ్ అంటే పొటాషియం తగ్గిందని, ఎండలో పొగాకు పనిచేసే మనిషి, రాత్రంతా బ్యారన్ మంట కాచుకుంటూ నిద్రలేక, చెమటలు కక్కి పడిపోయుంటాడని కథ అల్లేశారు. కథ నమ్మేలాగే ఉంది. గుండె మెల్లగా కొట్టుకుంటున్నప్పుడు యూ వేవ్ బాగా కనిపిస్తుందన్నది కూడా నిజమే కాబట్టి ఆయన్ని మరీ తప్పుపట్టలేం. కానీ యూ వేవ్‌ని బాగా చూడాల్సింది వీ2, వీ3లలో, ఇక్కడేమో బుడిపె అన్నిటికంటే స్పష్టంగా లీడ్ 2లో ఉంది, అదీ ముందున్న పీ అచ్చుగుద్దినట్టు.

అనుమానం వస్తే ఏం చేయాలో చెప్తాను, దీనికి స్కూలు పిల్లల జామెట్రీ బాక్సులో డివైడర్ ఉంటే చాలు. క్యూఆర్ఎస్ ముందున్న పీ నుంచి తర్వాతి క్యూఆర్ఎస్ ముందున్న పీ దాకా కొలువు, 36 గడులు. దాన్ని సగం చేసి, 18 గడులకి డివైడర్ పెట్టి, ఒక కాలు మొదటి పీ మీద ఉంచి రెండో కాలు ఎక్కడ పడుతుందో చూడు. ఆ బుడిపె మీద పడింది. మళ్లీ తిప్పితే తర్వాతి పీ మీద, మళ్లీ తిప్పితే తర్వాతి బుడిపె మీద. అంటే అది యూ కాదు, పీ. లెక్కతో కూడా సరిచూసుకోవచ్చు: పీ మొదలైన 4 గడులకి క్యూఆర్ఎస్ మొదలవుతోంది, కాబట్టి తర్వాతి పీ క్యూఆర్ఎస్ మొదలైన 14 గడులకి రావాలి, టీ 12వ గడికి అయిపోతోంది, బుడిపె 14వ గడి దగ్గరే ఉంది. యూ వేవ్ ఎప్పుడూ టీని అంటిపెట్టుకుని ఉంటుంది, పీ మాత్రం టీతో సంబంధం లేకుండా తన తోటి పీలతో లెక్క కుదుర్చుకుంటుంది. తేడా పట్టుకోవడానికి ఇది చాలు.

కాబట్టి పీ రేటు 1500ని 18తో భాగిస్తే 83. క్యూఆర్ఎస్ రేటు 42. రెండు పీలకి ఒకటే కిందికి దిగుతోంది. ఇది సైనస్ బ్రాడీకార్డియా కాదు, సైనస్ నోడ్ నిమిషానికి 83 సార్లు సుబ్బరంగా కొడుతోంది, 2:1 ఏవీ బ్లాక్.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. దిగని పీ కాస్త ముందుగా, 18 గడులకి కాకుండా 12కో 13కో వస్తే అది బ్లాక్ కాకపోవచ్చు, తొందరపడి పుట్టిన ఏట్రియల్ బీట్ కిందికి దిగలేక ఆగిపోయి ఉండొచ్చు, దానికి ఇంత కంగారు అక్కర్లేదు. అయితే 2:1 బ్లాక్‌లో కూడా క్యూఆర్ఎస్ మధ్యలో ఉన్న పీ-పీ దూరం మిగతాదానికంటే అర గడో గడో తక్కువ రావచ్చు, అంత మాత్రానికి కొలత తప్పిందనుకోవద్దు. రెండోది, వరసగా రెండు పీలు దిగిన చోటు ఎక్కడా లేకపోతే పీఆర్ పెరుగుతోందో లేదో చెప్పలేం, కాబట్టి మోబిట్జ్ 1 అనో 2 అనో రాయకూడదు. 2:1 బ్లాక్ అని రాసి ఆపేయాలి. టెంప్లేట్‌లో పేరు రాసే గడి పక్కనే ఎంతవరకు చెప్పగలమో అని ఒక చిన్న జాగా పెట్టమని చెప్పేది ఇందుకే.

యాక్సిస్ ఎక్కువసేపు పట్టదు. లీడ్ 1లో క్యూఆర్ఎస్ పైకి, ఏవీఎఫ్‌లో కిందికి. ఇంత చూసి ఎల్ఏడీ అని రాసేస్తారు, అది సగం పనే. లీడ్ 1 పైకీ ఏవీఎఫ్ కిందికీ ఉన్నప్పుడు లీడ్ 2 చూడాలి. లీడ్ 2 ఇంకా పైకే ఉంటే యాక్సిస్ -30 దాటలేదు, నార్మల్ లోపలే ఉంది. నీ స్ట్రిప్‌లో లీడ్ 2 కూడా కిందికే, అంటే -30 దాటి ఎడమకి వెళ్లింది. ఎంత దాటిందో కావాలంటే పైకీ కిందికీ సమానంగా ఉన్న లీడ్ వెతుకు, ఇక్కడ ఏవీఆర్ అలా ఉంది, దానికి లంబంగా లీడ్ 1 ఉన్న వైపు చూస్తే -60 వస్తుంది. ఆర్‌బీబీబీ ఉన్నప్పుడు క్యూఆర్ఎస్ తోక భాగం కొలతని కుడికి లాగుతుంది కాబట్టి దాని మొదటి సగాన్నే చూసి యాక్సిస్ కట్టాలి.

ఇప్పుడు ఎందుకు ఎడమకి తిరిగిందో ఆకారం చెబుతుంది. లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో ముందు చిన్న ఆర్ లేచి తర్వాత లోతైన ఎస్ ఉంది, ఏవీఎల్‌లో చిన్న క్యూ తర్వాత ఎత్తైన ఆర్ ఉంది. ఇది లెఫ్ట్ యాంటీరియర్ ఫాసిక్యులర్ బ్లాక్. ఆ మూడు లీడ్లలో ముందు ఆర్ లేకుండా నేరుగా క్యూతో మొదలైతే పాత ఇన్ఫీరియర్ ఎంఐ గురించి ఆలోచించాలి. ఎల్ఏడీ అని మూడక్షరాలు రాసి వదిలేస్తే ఈ రెండిట్లో ఏదో చదివేవాడికి తెలిసే దారే లేదు. కాబట్టి యాక్సిస్ గడిలో లీడ్ 1, లీడ్ 2, ఏవీఎఫ్ ఒక్కోటీ పైకా కిందికా అని రాయించు, డిగ్రీలు వస్తే సంతోషం, రాకపోయినా ఆ మూడు బాణాలుంటే చాలు.

ఇంటర్వెల్స్. పీఆర్ 4 గడులు, 160 మిల్లీసెకండ్లు, కిందికి దిగిన ప్రతి పీకీ అంతే. నార్మల్ 120 నుంచి 200 కాబట్టి ఆయన ఎన్ రాసింది అబద్ధం కాదు. కానీ దిగిన పీలకి మాత్రమే అని ఒక్క మాట ఉండి ఉంటే, దిగనివి కూడా ఉన్నాయా అన్న ప్రశ్న అక్కడే పుట్టేది. క్యూఆర్ఎస్ మూడున్నర గడులు, 140. 120 దాటింది, వీ1లో రెండు చెవుల్లాగా ఉంది, లీడ్ 1లోనూ వీ6లోనూ ఎస్ వెడల్పుగా ఉంది, ఆర్‌బీబీబీ అన్నమాట సరైనదే.

క్యూటీ దగ్గర ఆయన బాణం పైకి వేశాడు. 12 గడులు, 480, నిజమే, అంకె చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ రేటు 42 ఉన్నప్పుడు 480 ఎక్కువ కాదు. సరిచేసి చూడాలి.

```
RR  = 36 × 0.04 = 1.44 s
QTc = QT / √RR = 480 / 1.2 = 400 ms
```

మగవాళ్లకి 450, ఆడవాళ్లకి 460 దాకా మామూలుగా తీసుకుంటాం, 400కి బాణం అవసరమే లేదు. అయితే ఈ బాజెట్ లెక్క రేటు మరీ తక్కువైతే తక్కువ చేసి చూపిస్తుంది, మరీ ఎక్కువైతే ఎక్కువ చేసి చూపిస్తుంది. అందుకే అనుమానం ఉంటే వర్గమూలం బదులు ఘనమూలంతో, అంటే ఫ్రెడరీషియా పద్ధతిలో చూడాలి, ఈయనకి అలా చేసినా 425 వచ్చింది. ఇందుకు ఎదురు కేసు కూడా మీ దగ్గరికి రోజూ వస్తుంది: జ్వరంతో రేటు 100 ఉన్న అమ్మాయికి క్యూటీ 360 ఉంటే బాజెట్ 465 అని భయపెడుతుంది, ఫ్రెడరీషియా 427 అంటుంది. క్యూటీసీ గడిలో ఏ పద్ధతో రాయకపోతే ఆ అంకెకి విలువ లేదు. 500 దాటితే మాత్రం ఏ పద్ధతైనా సరే సీనియర్‌కి ఫోన్ చేయాల్సిందే, ఏ మందులు వాడుతున్నాడో అడగాల్సిందే. ఇంకొకటి, క్యూఆర్ఎస్ వెడల్పైతే క్యూటీ కూడా దాంతోపాటే సాగుతుంది, ఆ మాట కూడా పక్కన రాసుకోవాలి. కొలిచేటప్పుడు లీడ్ 2లోనో వీ5లోనో టీ దిగే వాలుకి స్కేలు ఆనించి అది కింది గీతని తాకే చోటే ముగింపు అనుకోవాలి, తర్వాత వచ్చే బుడిపెని కలుపుకుంటే క్యూటీ అమాంతం పెరిగిపోతుంది. ఆయన బుడిపెని కలపలేదు, అది మెచ్చుకోవాలి.

ఇప్పుడు మొత్తం కలిపి చూడు. కుడి కొమ్మ ఆగింది, ఎడమ కొమ్మలో ముందు పాయ ఆగింది, మిగిలింది ఎడమ వెనక పాయ ఒక్కటే, దానిమీద కూడా ప్రతి రెండో బీట్ దిగడం లేదు. పీఆర్ నార్మల్‌గా, క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉన్న 2:1 బ్లాక్ చాలావరకు ఏవీ నోడ్ కింద ఉండే బ్లాక్. ఇలాంటి మనిషి కళ్లు తిరిగి పడితే ఎండదెబ్బ అని ఇంటికి పంపకూడదు. అట్రోపిన్ ఇస్తే నోడ్ పైన రేటు పెరిగి కింద బ్లాక్ ఇంకా ముదరొచ్చు కాబట్టి దాన్ని నమ్ముకోకూడదు, పేసింగ్ సదుపాయం ఉన్న చోటికి పంపాలి. పొటాషియం తగ్గిందని రక్తంలో చూడకుండా సిరప్ పోయడం ఇక్కడ రెండు విధాలా తప్పు, ఎందుకంటే పొటాషియం ఎక్కువైతే కండక్షన్ ఇంకా మందగిస్తుంది. ఇంత ముఖ్యమైన విషయం ఆ లైన్లో ముక్కలు ముక్కలుగా ఉన్నా ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు.

టెంప్లేట్ ఇదుగో, ఇదే కేసుతో నింపి ఇస్తున్నా. నీ భయానికి జవాబు కూడా ఇదే, పది లైన్లు, రెండు మూడు స్ట్రిప్‌లు అలవాటయ్యాక రెండు నిమిషాలు పట్టదు.

```
1. ఎందుకు తీశారు: కళ్లు తిరిగి పడ్డాడు, 68 ఏళ్లు, తీసిన టైం __
2. వేగం 25, ఎత్తు 10, ఏవీఆర్‌లో పీ కిందికి, వైర్లు సరే
3. క్యూఆర్ఎస్ రేటు: 42 (36 గడులు), క్రమంగా ఉంది
4. పీ రేటు: 83 (18 గడులు), క్రమంగా ఉంది
5. ప్రతి క్యూఆర్ఎస్ ముందు పీ: ఉంది
   ప్రతి పీ తర్వాత క్యూఆర్ఎస్: లేదు, రెండిట్లో ఒకటి
6. యాక్సిస్: లీడ్ 1 పైకి, లీడ్ 2 కిందికి, ఏవీఎఫ్ కిందికి, సుమారు -60
7. పీఆర్ 160 (దిగిన పీలకి), క్యూఆర్ఎస్ 140, వీ1 ఆకారం ఆర్‌బీబీబీ
8. క్యూటీ 480, క్యూటీసీ 400 బాజెట్, 425 ఫ్రెడరీషియా
9. పేరు: 2:1 ఏవీ బ్లాక్, ఆర్‌బీబీబీ, ఎడమ ముందు పాయ బ్లాక్
   చెప్పలేనిది: మోబిట్జ్ 1 లేదా 2
10. పాత ఈసీజీతో తేడా: పాతది దొరకలేదు. ఎవరికి చెప్పాం, ఎప్పుడు: __
```

ఎస్‌టీ, టీల గురించి ఇందులో లేదేంటి అంటావు. నువ్వు అడిగింది రేటు నుంచి ఇంటర్వెల్స్ దాకా కాబట్టి అక్కడికే ఆగాను, ఎనిమిది తర్వాత ఒక లైన్ దానికోసం చేర్చుకో. అయితే ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ల దగ్గర మాత్రం ఈ వరస పాటిస్తూ కూర్చోవద్దు, ముందు ఎస్‌టీ చూసి తర్వాత ఈ గడులు నింపుకో. మెషిన్ అచ్చువేసిన వ్యాఖ్యని కాగితం మడిచి దాచేసి, తొమ్మిదో లైన్ రాశాకే తెరిచి చూడమను. ముందే చదివితే కన్ను దాన్నే వెతుకుతుంది, నాకూ అంతే.

ఇక ఆ నోట్‌బుక్‌లో మిగిలిన లైన్ల సంగతి. థర్మల్ కాగితం మన ఎండలకి, బీరువా వేడికి కొన్నేళ్లకే వెలిసిపోతుంది, నీకు చాలా స్ట్రిప్‌లు తెల్ల కాగితాల్లా దొరుకుతాయి. అలాంటి వాటికి ఈ టెంప్లేట్ నింపొద్దు. పాత లైన్‌ని ఉన్నది ఉన్నట్టు ఎక్కించి పక్కన స్ట్రిప్ లేదు, సరిచూడలేదు అని రాయి, విప్పి రాయాలన్న ఆశ పుడితే చెయ్యి వెనక్కి తీసుకో. స్ట్రిప్ ఉన్నవాటిలో కూడా అన్నీ ఒకేసారి వద్దు, ముందు నోట్‌బుక్‌లో ఎస్‌బీ అని, యూ ప్లస్ అని, పీఆర్ పక్కన ఎన్ అని ఉన్న లైన్లు ఏరి, వాటిలో కళ్లు తిరగడం, పడిపోవడం అని వచ్చినవాళ్లవి మొదట చూడు. కొత్త స్ట్రిప్‌లకి తీసిన వెంటనే జెరాక్స్ తీయించి కేస్ షీట్‌కి పిన్ చేయించు. ఫోటో నాకు పంపినట్టు ఇంకెవరికైనా పంపాల్సి వస్తే పేరు, ఐపీ నంబరు ఉన్న అంచు మడిచి తీయి, ఈసారి నువ్వు మడవలేదు.

ఆ పెద్దాయన సంగతి నువ్వే మళ్లీ రాశావు కాబట్టి మిగతావాళ్లకి చెప్తున్నా. సిరప్ రెండు డోసులే తాగాడట, చేదని మానేశాడట. పొటాషియం 4.2 వచ్చింది. నెల్లూరు పంపిన రాత్రే మానిటర్ మీద కంప్లీట్ బ్లాక్ కనిపించింది, పొద్దున్నే టెంపరరీ పేసింగ్ పెట్టి తర్వాత పేస్‌మేకర్ వేశారు. బ్యారన్‌కి మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చని అడుగుతున్నాడన్నావు, అది పేస్‌మేకర్ వేసినవాళ్లని చెకప్‌కి వెళ్లినప్పుడు అడగమను, వేసిన వైపు చెయ్యిని కొన్ని వారాలు భుజం పైకి ఎత్తొద్దని చెప్పి ఉంటారు, పొగాకు కర్రలు బ్యారన్ పైకి అందించే పని అప్పటిదాకా కొడుకు చేస్తాడు.